యాభై సార్లు రాసిన తప్పు

తొర్రూరు చుట్టుపక్కల అబ్బాస్ సార్ దగ్గర ఇంగ్లీషు చదివినవాళ్ళని గుర్తుపట్టడం చాలా తేలిక. నిద్రలో లేపి అడిగినా ఒక పాట అప్పజెప్పేస్తారు. "ఈచ్ వస్తే హాజ్, ఎవ్రీ వస్తే హాజ్, ఈదర్ వస్తే ఒకటే, నీదర్ వస్తే నాట్ లేదు." ఎరువుల దుకాణంలో కూర్చున్నవాడికీ వస్తుంది, ఆటో నడిపేవాడికీ వస్తుంది. దానితో వాళ్ళు ఇంగ్లీషు మాట్లాడారా అంటే అది వేరే సంగతి. పదో తరగతి మాత్రం గట్టెక్కారు.

ఆ పాట సార్ సొంతం. దాని మీద ఆయనకి కాస్త గర్వం కూడా ఉండేది. మనిషి మంచివాడు. డోర్నకల్ జంక్షన్లో పట్టాలు సరిచేసే గ్యాంగ్‌మన్ కొడుకు. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, రైల్వే వాళ్ళ నోట వచ్చీరాని ఇంగ్లీషు వింటూ పెరిగాడు. ఇంగ్లీషు పంతులు కావాలని పట్టుబట్టి ఆంధ్రా వైపు ఒక ఊళ్ళో బీఎడ్‌లో చేరాడు. అక్కడ మొదటిసారి నల్లబల్ల ముందు నిలబడి, గోల చేస్తున్న తోటివాళ్ళని "జర ఆగున్రి" అన్నాడు. గది గదంతా గొల్లుమంది. వెనక బల్ల మీద కూర్చున్న లెక్చరర్ కూడా నవ్వి, "ముందు తెలుగు నేర్చుకుని రావయ్యా, ఇంగ్లీషు తర్వాత చెబుదువుగాని" అన్నాడు. ఇరవై ఏళ్ళయినా ఆ మాట సార్ మనసులోంచి పోలేదు. ఆ రోజు నుంచి నల్లబల్ల మీద తప్పు రాయకూడదని ఒట్టు పెట్టుకున్నాడు. తప్పు రాయకపోవడం వేరు, తప్పు ఒప్పుకోకపోవడం వేరు. ఆ తేడా ఆయనకి ఎవరూ చెప్పలేదు.

రెండు వేల పదకొండులో ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చింది. బడులు మూతపడ్డాయి, బస్సులు ఆగాయి. పంతుళ్ళందరూ బస్టాండు చౌరస్తాలో టెంటు కింద దీక్షకి కూర్చున్నారు. సార్ కూడా కూర్చున్నాడు, మనస్ఫూర్తిగానే కూర్చున్నాడు. కానీ పదో తరగతి పిల్లల సంగతేమిటని పక్కవాళ్ళని అడుగుతూనే ఉండేవాడు. సంవత్సరం పోతే ఎవరు ఇస్తారు వాళ్ళకి? అందుకని బడి నుంచి ఒక నల్లబల్ల మోయించుకొచ్చి టెంటు గుంజకి ఆనించాడు. రోజూ పదింటికి ఇంగ్లీషు క్లాసు రోడ్డు మీదే. పిల్లలు కింద పరిచిన టార్పాలిన్ మీద, పెద్దలు కుర్చీల మీద. పేరుకి పాఠం పిల్లలకి, వినేది చౌరస్తా అంతా.

సార్ ఆ రోజుల్లో చెప్పినంత బాగా ఎప్పుడూ చెప్పలేదు. ఉదాహరణలన్నీ సమ్మె నుంచే తీసేవాడు.

"వరంగల్ బస్సు, ఖమ్మం బస్సు. రెండిట్ల ఏదీ రాలేదు. ఇంగ్లీషుల చెప్పున్రి" అనేవాడు.

"నీదర్ ఆఫ్ ద బసెస్ డిడ్ నాట్ కమ్" అని పిల్లలు.

"గక్కడనే పప్పుల కాలేస్తరు. తెలుగుల ‘ఏదీ’ అన్నంక ‘రాలేదు’ అనాల్సిందే. ఇంగ్లీషుల నీదర్ కడుపులనే ‘లేదు’ ఉన్నది. మళ్ల నాట్ పెడితే లేదు మీద లేదు. నీదర్ ఆఫ్ ద బసెస్ కేమ్. అంతే. నాట్ పెట్టాలె అనిపిస్తే ఈదర్ తెచ్చుకోన్రి. ఐ డిడ్ నాట్ సీ ఈదర్ ఆఫ్ ద బసెస్."

సమ్మెలో ఉన్న కండక్టర్ వెంకట్రాం కుర్చీలోంచి అందుకునేవాడు. "రెండే కాదు సారూ, డిపోల ఒక్కటి కూడ కదల్లే."

"అట్లయితే నీదర్ పనికిరాదు అన్నా. రెండు దాటితే నన్. నన్ ఆఫ్ ద బసెస్ కేమ్." ఆ వెంటనే పిల్లల వైపు తిరిగి, "ఎవ్రీ షాప్ డిడ్ నాట్ ఓపెన్ అని రాసేరు. చదివినోడు కొన్ని తెరిచినయేమో అనుకుంటడు. ఒక్కటి కూడ తెరవలే అనాలంటే నో షాప్ ఓపెన్డ్ అనాలె" అనేవాడు.

ఇవన్నీ సరైన మాటలే. జనం మెచ్చుకుంటుంటే సార్‌కి ఒళ్ళు తేలిపోయేది.

ఆ పిల్లల్లో కళావతి ఒకతె. వాల్యా తండా నుంచి నాలుగు మైళ్ళు నడిచి వచ్చేది. తండ్రి ధన్‌సింగ్‌కి రెండెకరాల పత్తి. వాళ్ళ ఇంట్లో, ఆ మాటకొస్తే తండాలోనే, పదో తరగతి దాకా వచ్చిన ఆడపిల్ల ఆమె ఒక్కతే. ఆమె మిగతా పిల్లల్లా పాట గట్టిగా పాడేది కాదు. పెదవులు కదిలించి ఊరుకునేది. బల్ల మీద రాసినదాన్ని మాత్రం అదేదో లెక్క అన్నట్టు కళ్ళు చికిలించి చూసేది.

దసరా ఇంకో వారం ఉందనగా, టెంటు కిటకిటలాడుతున్న రోజున, సార్ అడిగాడు. "పిల్లల దగ్గర తలా ఒక జెండా ఉన్నది. ఈచ్ పెట్టి ఎవరు రాస్తరు?"

కళావతి లేచింది. సుద్దముక్క తీసుకుని బల్ల మీద గుండ్రటి అక్షరాలతో రాసింది. ద బాయ్స్ ఈచ్ హ్యావ్ ఎ ఫ్లాగ్.

సార్ చదివాడు. ఈచ్ కనపడింది, పక్కనే హ్యావ్ కనపడింది. ఇంకేం చూడలేదు. "పాట పాడున్రి" అన్నాడు. పిల్లలందరూ ఒక్క గొంతుతో "ఈచ్ వస్తే హాజ్" అన్నారు. సార్ హ్యావ్‌ని కొట్టేసి పైన హాజ్ రాశాడు.

కళావతి తన చోటుకి పోలేదు. "ముందుగాల బాయ్స్ అని ఉన్నది గద సార్" అంది మెల్లగా. "బాయ్స్‌కు హ్యావ్ గద. ఈచ్ ఎన్కకు వచ్చింది."

ఆమె ఎదురు చెప్పడానికి అనలేదు, అడిగింది అంతే. కానీ సార్‌కి అది అడగడంలా వినిపించలేదు. కుర్చీల్లో పెద్దలందరూ ఆయన్నే చూస్తున్నారు. పత్రికకి వార్తలు రాసే కుర్రాడు కూడా నోటు పుస్తకం ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు. సార్ నవ్వాడు. నవ్వి అన్నాడు. "మీ తండా మాటల ఎట్లనన్న అనుకోన్రి బిడ్డా, నడుస్తది. ఇది ఇంగ్లీషు. ముందుగాల తెలుగు సక్కగ నేర్చుకో, ఇంగ్లీషు తర్వాత చెబుదువు. పో, హాజ్ అని యాభై సార్లు రాసుకరా."

టెంటు నవ్వింది. వెంకట్రాం తొడ చరుచుకుని మరీ నవ్వాడు. కళావతి సుద్దముక్కని బల్ల అంచు మీద జాగ్రత్తగా పెట్టి, పోయి కూర్చుంది.

క్లాసు అయ్యాక సోషల్ చెప్పే ప్రేమలత టీచర్ కుర్చీ జరుపుకుని పక్కకి వచ్చింది. "ఇంగ్లీషు సంగతి నాకు తెల్వది సార్" అంది. "తప్పయితే తప్పంటరు. తండా మాట ఎందుకు తీసిన్రు?"

"నవ్వులాటకు అన్న మేడం" అన్నాడు సార్.

"నవ్విన్రు గద మరి, అందరు" అని ఆమె తన పనిలో తను పడింది.

సాయంత్రం ఇంటికొచ్చాడన్న మాటే గానీ మనసు మనసులో లేదు. ‘ఈచ్ ఎన్కకు వచ్చింది’ అన్న మాట గోరుచుట్టులా సలుపుతూనే ఉంది. చాయ్ చల్లారిపోతుంటే అటక మీద నుంచి బీఎడ్ నాటి వ్యాకరణ పుస్తకం దించి, ఈచ్ ఉన్న పేజీ తీశాడు. కంటికి ఎదురుగానే ఉంది. ఈచ్ ముందు ఉంటే, ఈచ్ బాయ్ అన్నా, ఈచ్ ఆఫ్ ద బాయ్స్ అన్నా, హాజ్. బహువచనం ముందు వచ్చి ఈచ్ దాని వెనక నిలబడితే, క్రియ ఆ బహువచనం మాటే వింటుంది. ద బాయ్స్ ఈచ్ హ్యావ్. ఆ వాక్యం పక్కన ఇరవై ఏళ్ళ కిందట తనే పెన్సిల్‌తో గీత గీసుకున్నాడు. అంటే చదివాడు. చదివి, పాట కట్టే తొందరలో మరిచిపోయాడు.

ఆయనకి చెవులు వేడెక్కాయి. అది తప్పు రాసినందుకు కాదు. పుస్తకం మూస్తుంటే, పొద్దున తను అన్న మాట మళ్ళీ వినిపించింది. ముందు తెలుగు నేర్చుకో, ఇంగ్లీషు తర్వాత చెబుదువు. ఆ మాట ఎవరిదో ఆయనకి బాగా తెలుసు. ఆ నవ్వు కూడా తెలుసు. ఇరవై ఏళ్ళు ఎవడినైతే తిట్టుకున్నాడో వాడి మాటని, వాడి నవ్వుతో సహా, నాలుగు మైళ్ళు నడిచొచ్చిన పిల్ల మీద ప్రయోగించాడు. అదీ ‘మా యాస, మా ఆత్మగౌరవం’ అని రాసి టెంటుకి కట్టిన గుడ్డ కింద నిలబడి. తనంటే తనకే రోత పుట్టింది.

భార్య సఫియా బేగం సంగతంతా విని, "రేపు పోయి తప్పయిందని చెప్పున్రి. గింత దానికి తిండి మానుడెందుకు?" అంది.

"అందరి ముందట ఎట్ల చెప్పాలె? పేపరాయన ఉంటడు. తెలంగాణ సార్లకు ఇంగ్లీషు రాదని రాస్తరు. ఇదివరకే అంటున్నరు. ఉద్యమానికి పేరు పోతది."

సఫియా ఆయన ముఖం వైపు చూసింది. "ఉద్యమానికా, మీకా?" అని చాయ్ గ్లాసు తీసుకుని లోపలికి పోయింది.

మర్నాడు సార్ చెప్పాలనే వెళ్ళాడు. ఒప్పుకోవాలంటే ముందు కళావతి ఉండాలి కదా అని చూశాడు. ఆమె రాలేదు. రాకపోయేసరికి ఆయనకి హాయిగా అనిపించింది. ఇది మాత్రం ఆయన తర్వాత ఎవరికీ చెప్పుకోలేకపోయాడు. ఆ హాయి రెండో రోజుకి తగ్గింది, మూడో రోజుకి పూర్తిగా పోయింది. పిల్ల రానేలేదు. దసరా వెళ్ళింది. పంతుళ్ళు సమ్మె విరమించారు, బడి తెరిచారు. పదో తరగతిలో అరవై రెండు మంది ఉండాల్సిన చోట అరవై ఒక్కరు కూర్చున్నారు. పరీక్ష ఫీజు కట్టడానికి ఆఖరు తేదీ శనివారం. ఆ రోజు దాటితే కళావతికి ఆ ఏడు పదో తరగతి పరీక్ష రాసే వీలుండదు. తండా ఆడపిల్లకి ఒక ఏడు పోయిందంటే చదువే పోయినట్టు. అది సార్‌కి తెలుసు, ఒప్పుకోని తప్పు ఎవరిదో కూడా తెలుసు.

గురువారం బడి అయ్యాక సైకిల్ మీద వాల్యా తండాకి పోయాడు. ధన్‌సింగ్ ఇంటి ముందు పత్తి కుప్ప పోసి ఉంది. సార్‌ని చూడగానే ధన్‌సింగ్ తువ్వాలతో మంచం దులిపాడు, చెంబుతో నీళ్ళు తెచ్చాడు.

"మీరే రావాల్నా సారు, కబురంపితే నేను రాకపోదునా" అన్నాడు. "పిల్ల చెప్పింది. ఇంగ్లీషు రాదన్నరట గద మీరు. తెలుగు గుడ సక్కగ రాదన్నరట. పెద్ద సారు, మీకు తెల్వదా? మరి రానిదానికి ఎందుకు తిప్పల పెట్టుడని, పత్తి ఏరనీకి తీసుకపోతున్న. మీ మీద కోపం లేదు సారు. ఉన్నది చెప్పిన్రు."

సార్ నీళ్ళ చెంబు కింద పెట్టాడు. తిట్టినా బాగుండేది. ఆ మనిషి తనని నమ్మాడు. తను అన్న అబద్ధాన్ని పిల్ల కంటే ఎక్కువగా నమ్మాడు.

చేను నుంచి కళావతి వచ్చింది. నడుముకి కట్టిన పత్తి సంచి విప్పుతూ సార్‌ని చూసి ఆగింది. గబగబా లోపలికి పోయి నోటు పుస్తకం తెచ్చి రెండు చేతులతో అందించింది.

"రాసిన సార్. యాభై" అంది.

దానికోసమే ఆయన వచ్చాడనుకుంది. సార్ పుస్తకం తెరిచాడు. ద బాయ్స్ ఈచ్ హాజ్ ఎ ఫ్లాగ్. వరసగా, నంబర్లు వేసి, ఒక్క కొట్టివేత లేకుండా యాభై. అన్నీ గుండ్రటి అక్షరాలు. ఆయన జీవితంలో చూసిన పేజీలన్నిట్లో అంతగా సిగ్గుపడింది ఆ రెండు పేజీలకే.

"కళావతీ" అన్నాడు. "నువ్వు బల్ల మీద రాసిందే రైటు. తప్పు నాది. బాయ్స్ ముందున్నది, ఈచ్ ఎన్కకున్నది, అందుకే హ్యావ్. నువ్వు అడిగింది అడిగినట్టె సరైంది. నేను అదే సాయంత్రం పుస్తకంల చూసిన." ఇంకో మాట అనాలి. అది పుస్తకంలో లేని మాట. "తండా మాట తీసుడు దానికంటె పెద్ద తప్పు. నన్ను క్షమించు బిడ్డా."

ధన్‌సింగ్‌కి ఏమీ పాలుపోలేదు. సారు క్షమించమనడం ఆయనకి పిల్ల ఫెయిలవడం కంటే పెద్ద ఇబ్బందిగా ఉంది. "గంత మాటెందుకు సారు" అంటూ అటూ ఇటూ చూశాడు.

కళావతి సగంలో ఆపిన పత్తి సంచి ముడి విప్పింది. "ఆ సాయంత్రమే చూసిన్రా సార్?" అంది.

"ఆ."

"అప్పుడు అందరి ముందట అన్నరు. ఇప్పుడు మా ఇంట్ల చెప్తున్నరు."

గొంతులో కోపం లేదు. బల్ల దగ్గర ఈచ్ ఎన్కకు వచ్చింది అన్నట్టే అంది, కనపడింది చెప్పినట్టు.

"అందరి ముందటనే చెప్త" అన్నాడు సార్. "రేపు రా. ఫీజు శనివారం దాకనే ఉన్నది. అన్నా, రేపు పంపున్రి."

"పంపుత సారు, మీరు వచ్చి చెప్పినంక పంపనా" అన్నాడు ధన్‌సింగ్.

తిరిగొస్తూ సార్ చౌరస్తాలో సైకిల్ దిగాడు. టెంటు విప్పేశారు. గుంజలు పాతిన గుంతలు నాలుగు మిగిలాయి. వరంగల్ బస్సు వచ్చి ఆగితే జనం ఎక్కుతున్నారు, దిగుతున్నారు. ఆ రోజు నవ్విన వాళ్ళలో ఎవరు ఎక్కడున్నారో, వాళ్ళందరినీ ఎట్లా పోగేయాలో ఆయనకి తెలియలేదు. వెంకట్రాం ఒక్కడు బస్సు తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. సార్ దగ్గరికి వెళ్ళి, "అన్నా, ఆ రోజు తండా పిల్ల రాసిందే రైటు. నాదే తప్పు" అన్నాడు.

"ఏ పిల్ల సారూ?" అన్నాడు వెంకట్రాం టికెట్లు చింపుతూ. ఆయనకి గుర్తే లేదు.

శుక్రవారం పొద్దున కళావతి వచ్చింది. ఆఖరు వరుసలో గోడ వైపు కూర్చుంది. ప్రేమలత టీచర్ని కూడా సార్ క్లాసుకి పిలుచుకొచ్చాడు. నల్లబల్ల మీద కళావతి వాక్యం రాశాడు, హ్యావ్‌తో. కింద ఈచ్ ఆఫ్ ద బాయ్స్ హాజ్ ఎ ఫ్లాగ్ అని రాశాడు. ఎక్కడ ఏది వస్తుందో, ఎందుకు వస్తుందో చెప్పాడు. చెప్పి సుద్దముక్క కింద పెట్టాడు.

"చౌరస్తల కళావతి రాసిందే రైటు. ఆ వాక్యం నేను కొట్టేసిన. తెలిసినంక కూడ మూడు వారాలు నోరు మూసుకున్న, ఎందుకంటె పరువు పోతదని భయపడ్డ. తండా మాట అని ఎక్కిరించిన. నన్ను ఒగడు గట్లనే ఎక్కిరిస్తె ఇరవై ఏండ్లు యాదుంచుకున్నోన్ని, అయినా ఎక్కిరించిన. సిగ్గుపడుతున్న." ఆయన పిల్లలందరి వైపూ చూశాడు. "నా పాట సగమే పనికొస్తది. ఇప్పటి సంది నేను రాసింది తప్పనిపిస్తె ఎవరైన అడగొచ్చు. ఇప్పుడు ఎవరన్న అడుగుతరా?"

ఒక్క చెయ్యి లేవలేదు. అరవై రెండు తలలు వంగి ఉన్నాయి. పదిహేనేళ్ళుగా ఆయన క్లాసులో పాట ఉంది గానీ ప్రశ్న లేదు. ఇన్నేళ్ళలో లేచిన చెయ్యి ఒక్కటే, దాన్ని ఆయనే దించేశాడు.

"కళావతీ, నువ్వొచ్చి ఇంకొకటి రాస్తవా?" అన్నాడు సుద్దముక్క చాపి.

ఆమె లేచి నిలబడింది. "నాకు రాదు సార్" అని కూర్చుంది.

ఆ రోజే ఫీజు కట్టారు. వేసవిలో ఆమె పరీక్ష పాసయింది, ఇంగ్లీషులో డెబ్బై నాలుగు వచ్చాయి. సార్ ఆ సంగతి ఇప్పటికీ సంతోషంగానే చెప్తాడు. ఆయన మరిచిపోలేనిది మాత్రం ఆ శుక్రవారం క్లాసు చివర్లో చూసింది. పిల్లల పుస్తకాలు చూసుకుంటూ ఆఖరు వరుస దాకా పోయాడు. కళావతి నోటు పుస్తకం తెరిచి ఉంది. ఎడమ పేజీ నిండా నంబర్లు వేసిన యాభై హాజ్‌లలో చివరివి. కుడి పేజీ మీద ఆ రోజు తేదీ వేసి, ద బాయ్స్ ఈచ్ హ్యావ్ ఎ ఫ్లాగ్ అని ఉంది. తన వాక్యాన్నే తను బల్ల మీద నుంచి చూసి దించుకుంది, మిగతా అరవై ఒక్కరిలాగే, సారు రాశాడు కాబట్టి.